చిన్న గదిలో డబ్బింగ్: నా దగ్గర సింక్ కుదురుతోంది, ఎడిటర్ దగ్గర జారిపోతోంది

సిరి_సినిమా
14 నిమిషాల షార్ట్ ఫిల్మ్. విజయవాడలో తీశాం. లొకేషన్ పక్కనే బోరు మోటారు తిరుగుతూ ఉండటంతో సెట్ మీద రికార్డ్ చేసిన సౌండ్ పైలట్‌కి, అంటే డబ్బింగ్‌లో విని చెప్పుకోవడానికి, తప్ప పనికిరాదు. అందుకే మొత్తం డబ్బింగ్ మా ఇంట్లో పది అడుగులు బై తొమ్మిది అడుగుల గదిలోనే చేస్తున్నాం. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను, ఆర్టిస్టులకు బొమ్మ కనపడేలా గోడకి టీవీ ఉంది.

మూడు బాధలు. మొదటిది, ప్రతి డైలాగూ రికార్డయ్యాక కొంచెం లేటుగా పడుతోంది. అందరిదీ దాదాపు ఒకేలా, ఒక మూడు ఫ్రేములు. వెనక్కి లాక్కుంటే సరిపోతోంది. రెండోది, అలా సర్ది నా దగ్గర పక్కాగా కుదిరిన ట్రాక్‌ని ఎడిటర్‌కి పంపితే, ఆయన టైమ్‌లైన్‌లో మొదటి సీన్ బాగుంది, చివరి సీన్‌లో మాత్రం పెదాలు ఆగిపోయాక మాట వస్తోంది. మూడోది, గోడలకి ఫోమ్ అతికించినా గొంతు డబ్బాలోంచి వచ్చినట్టే ఉంది. నిజానికి ఫోమ్ పెట్టాక ఇంకా ఎక్కువైందేమో అనిపిస్తోంది.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

కట్‌టూకట్
రెండోదానికి జవాబు సింపుల్. రీపర్‌లో ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌కి వెళ్లి ఫ్రేమ్ రేట్ మీ ఎడిటర్ టైమ్‌లైన్‌తో కలపండి. ఆయనది 24 అయితే మీదీ 24. అది తేడా ఉంటేనే ఇలా జారుతుంది. నేను ఎడిటర్‌నే, ఇది చాలాసార్లు చూశాను.

అట్టపెట్టె
శాంపుల్ రేట్ 44.1 కిలోహెర్ట్జ్‌లో రికార్డ్ చేసి 48లో పెట్టారేమో చూడండి. అదే అయ్యుంటుంది.

మైక్_మామయ్య
ఇద్దరూ కొంచెం ఆగండి. ముందు లెక్క కావాలి.

సిరి గారూ, ఎడిటర్ టైమ్‌లైన్‌లో మూడు చోట్ల చూసి చెప్పండి: రెండో నిమిషం దగ్గర మాట ఎన్ని ఫ్రేములు లేటు, ఏడో నిమిషం దగ్గర ఎన్ని, చివర్లో ఎన్ని. అన్నిచోట్లా ఒకటే తేడా ఉంటే అది ఆలస్యం, ఒక్కసారి జరిపితే పోతుంది. నిమిషాలతో పాటు పెరుగుతూ పోతే అది వేగంలో తేడా. ఒకచోట సరిగ్గా, ఇంకోచోట తప్పుగా, మళ్లీ సరిగ్గా ఉంటే ఎడిట్ మారింది, లేదా ఫోన్‌తో తీసిన వీడియో ఫ్రేమ్ రేట్ నిలకడగా లేదు. ఈ మూడింటికీ మందులు వేరు. లెక్క తెలియకుండా సెట్టింగులు మారుస్తూ పోతే ఉన్న సింక్ కూడా పోతుంది.

అట్టపెట్టె గారూ, 44.1 ఫైల్‌ని 48 అనుకుని ఆడిస్తే గొంతు సన్నబడుతుంది, వేగం దాదాపు తొమ్మిది శాతం పెరుగుతుంది. అంటే రెండో నిమిషానికే పది సెకన్లు ముందుకు పోతుంది. ఆవిడకి మాట వెనకబడుతోంది, అదీ ఫ్రేముల్లో. కాబట్టి ఇది అది కాదు.

హిందీ_టు_తెలుగు
డబ్బింగ్‌లో సింక్ అంటే ముందు స్క్రిప్ట్ సరిగ్గా ఉండాలండీ. నేను సీరియళ్లకి హిందీ నుంచి తెలుగు రాస్తాను. హిందీలో "కామ్" అని పెదాలు మూసుకుంటే మనం "పని" అని రాస్తే నోరు తెరిచి ఉంటుంది, ఆ ఒక్క ముక్క చాలు చెడిపోవడానికి. అలాంటి చోట చివర సున్నా వచ్చే మాట, సాయం, బేరం, ఏదో ఒకటి వెతుక్కుంటాను. మీ రైటర్‌తో కూర్చుని లైన్లు మార్పించండి, జరపాల్సిన పనే ఉండదు.

సిరి_సినిమా
మాది తెలుగు నుంచి తెలుగేనండీ, నటించినవాళ్లే వాళ్ల డైలాగులు చెప్పుకుంటున్నారు. సున్నా సంగతి మాత్రం రాసిపెట్టుకున్నాను.

మామయ్య గారూ, ఎడిటర్‌ని అడిగి చూశాను. రెండో నిమిషం దగ్గర మూడు ఫ్రేములు, ఏడో నిమిషం దగ్గర పది, చివరి డైలాగ్ దగ్గర ఇరవై.

మైక్_మామయ్య
అయితే దొరికింది. 14 నిమిషాలంటే 840 సెకన్లు. ఇరవై ఫ్రేములంటే 0.83 సెకను. ఒకదాన్ని ఒకటితో భాగిస్తే వెయ్యికి ఒకటి. వెయ్యికి ఒకటి తేడా అంటే 23.976కీ 24కీ మధ్య తేడా. మీ లెక్క సరిగ్గా అక్కడికే వస్తోంది.

మీరు చూస్తూ డబ్బింగ్ చేసిన రిఫరెన్స్ వీడియోనీ, ఎడిటర్ దగ్గరున్న ఇప్పటి వీడియోనీ రెండింటినీ దీంతో చూడండి:

```
ffprobe -v error -select_streams v:0 \
 -show_entries stream=avg_frame_rate,duration \
 -of default=nw=1 ref.mov
```

ఫైల్ పేరు మీది పెట్టుకోండి.

కట్‌టూకట్
నేను చెప్పిందీ అదే కదా, 23.976, 24 తేడా.

మైక్_మామయ్య
తేడా అదే. మందు అది కాదు. రీపర్‌లో ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ మార్చితే పైన స్కేలు మీద గీతలు మారతాయి అంతే. వీడియో దాని సొంత గడియారం ప్రకారమే ఆడుతుంది. 23.976 వీడియోని 24 ప్రాజెక్ట్‌లో పెట్టినా గంటకి గంటే ఆడుతుంది, మాట జారదు. టైమ్‌కోడ్ అంకెలు మాత్రం తప్పు చూపిస్తాయి. ఆవిడ దగ్గర సింక్ కుదిరిందని చెప్తూనే ఉన్నారు. కాబట్టి తేడా వచ్చింది ఆవిడ ప్రాజెక్ట్‌లో కాదు, రిఫరెన్స్ ఇచ్చాక బొమ్మ వేగమే మారి ఉండాలి.

సిరి_సినిమా
నా దగ్గరున్నది:

```
avg_frame_rate=24000/1001
duration=840.840000
```

ఎడిటర్ ఇప్పుడు పంపింది:

```
avg_frame_rate=24/1
duration=840.000000
```

ఎడిటర్‌ని అడిగితే, ఒక ఫెస్టివల్ వాళ్లు థియేటర్లలో ఆడించే డీసీపీ ఫైల్ అడిగారనీ, అందుకని మొత్తాన్ని 24కి మార్చాననీ అన్నారు. ఎడిట్‌లో ఒక్క ఫ్రేమ్ కూడా ముట్టుకోలేదట.

మైక్_మామయ్య
ఆయన చెప్పింది నిజమే, ముట్టుకోలేదు. ఫ్రేములు రెండింట్లోనూ ఒకటే, 20160. 23.976 చొప్పున ఆడితే 840.84 సెకన్లు పడుతుంది, 24 చొప్పున ఆడితే 840. క్లిప్‌ని 24 అని చదివించి అదే ఫ్రేముల్ని కాస్త వేగంగా ఆడిస్తున్నారు. డీసీపీలో 23.976 ఒప్పుకోరు కాబట్టి అది చేయాల్సిన పనే. కాకపోతే సౌండ్ మనిషికి చెప్పాలి.

మీరు చేయాల్సింది: ఒక్కో లైనూ మళ్లీ జరుపుకుంటూ కూర్చోకండి. డైలాగ్ ట్రాక్ మొత్తాన్ని మొదటి ఫ్రేమ్ నుంచి చివరి ఫ్రేమ్ దాకా ఒకే ఫైల్‌గా రెండర్ చేయండి, ముందున్న ఖాళీతో సహా. దాన్ని కొత్త ట్రాక్ మీద సున్నా దగ్గర పెట్టి, ఐటమ్ ప్రాపర్టీస్‌లో Playback rate 1.001 అని కొట్టండి, Preserve pitch టిక్కు తీసేయండి. పిచ్ మారుతుంది గానీ స్వరాన్ని వంద భాగాలు చేస్తే అందులో రెండు కూడా ఉండదు. ఎవరి చెవికీ అందదు. పిచ్ కాపాడమని చెప్తే సాఫ్ట్‌వేర్ మాటల్ని ముక్కలు చేసి అతుకుతుంది, ఆ గరగర మాత్రం వినపడుతుంది. ఎఫెక్టులు, మ్యూజిక్ కూడా పాత రిఫరెన్స్‌కే చేసి ఉంటే వాటికీ ఇదే.

కట్‌టూకట్
ఒప్పుకుంటున్నా. ఆ స్కేలు సంగతి నేను ఇప్పుడే పెట్టి చూశాను, నిజంగానే వీడియో జారలేదు. కానీ ఎడిటర్ల తరఫున ఒక మాట: డబ్బింగ్ మొదలయ్యే ముందే ఫైనల్ ఫ్రేమ్ రేట్ ఏంటని సౌండ్ వాళ్లు కూడా అడగాలి. మాకు ఫెస్టివల్ మెయిల్ వచ్చేది ఎప్పుడూ ఆఖరునే.

మైక్_మామయ్య
దానితో పేచీ లేదు. ఇంకో అలవాటు కూడా చేసుకోండి మీ ఇద్దరూ. బొమ్మ మొదలవడానికి సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒకే ఒక్క ఫ్రేమ్ బీప్, చివర అయిపోయాక ఇంకో బీప్. రెండు బీపులూ బొమ్మలోని గుర్తులతో కలిస్తే మధ్యలో వేగం మారలేదని అర్థం. మొదటి బీప్ ఒక్కటే పెడితే ఇలాంటి తేడా పట్టుబడదు.

ప్లేనో_పంతులు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను ఉండేది డల్లాస్ దగ్గర. ఊళ్లో ఉన్నప్పుడు మా బావమరిది ఫిల్మ్‌లో చేశాను, ఇప్పుడు డబ్బింగ్ ఇక్కణ్నుంచి పంపాలి. బట్టల క్లోజెట్‌లో నిలబడి చెప్తుంటే గొంతు బాగా పొడిగా, దగ్గరగా ఉంటోంది, మిగతావాళ్లతో కలవట్లేదని గొడవ. వాళ్లు చెప్పేది కరెక్టేనా?

ఓరుగల్లు_సౌండ్
పంతులు గారు, మీదే నయం. పొడిగా ఉన్న గొంతుకు తర్వాత గది కలపొచ్చు, గది కలిసిపోయిన గొంతు నుంచి గదిని తీసుడు కష్టం. మీ బావమరిదికి చెప్పుర్రి, రివర్బ్ ఆయన వేసుకోవాలె. మీరు మాత్రం 48లో వేవ్ ఫైల్ పంపుర్రి, మధ్యల కట్ చేయకుండా సీన్ మొత్తం ఒకటే ఫైల్. వాట్సాప్‌ల వాయిస్ లెక్క పంపితే పీకుడే.

ఇగ సిరి గారు, మీ గది సంగతి నేను చెప్త. మైక్ ఏడ పెట్టిన్రు, మనిషి ఏ దిక్కు మొకం పెట్టి నిలబడుతున్నడు, వెనక ఏమున్నది? ఫోమ్ ఎంత మందం?

సిరి_సినిమా
ఫోమ్ ఒక అంగుళం. మైక్ కార్డియాయిడ్ కండెన్సర్, టేబుల్ మీద చిన్న స్టాండుతో పెట్టాం, పక్కన ల్యాప్‌టాప్. ఆర్టిస్ట్ ఫోమ్ గోడ వైపు తిరిగి చెప్తారు, టీవీ కూడా ఆ గోడకే ఉంది. వెనక ఇనప బీరువా, దాని పక్కన ఖాళీ గోడ.

ఓరుగల్లు_సౌండ్
చూసిన్రా, గిదే. కార్డియాయిడ్ మైక్‌కు ముందు వైపు వినిపిస్తది, వెనక వైపు తక్కువ. మైక్ ముందు ఏమున్నది? మనిషి. మనిషి వెనక? ఇనప బీరువా, ఉత్త గోడ. అంటే మీ మైక్ ఆర్టిస్ట్ భుజాల మీదికెళ్లి బీరువాను వింటున్నది. ఫోమ్ ఏమో మైక్ వీపు దిక్కు ఉన్నది, ఆడ ఉన్నా లేకున్నా మైక్‌కు పెద్ద ఫరకు లేదు. మెత్తటిది ఉండాల్సింది మనిషి వీపు వెనక.

రెండోది మందం. అంగుళం ఫోమ్ సకార షకారాల మెరుపును మింగుతది, కింద 200 నుంచి 400 హెర్ట్జ్ ఉన్నదే, డబ్బా లెక్క వినపడే భాగం, దాన్ని ఏమీ చేయది. పైది పోయి కిందిది మిగిలితే డబ్బా ఎక్కువైనట్టే వినపడ్తది. మీకు అనిపించింది భ్రమ కాదు.

అట్టపెట్టె
గుడ్ల అట్టలు అంటిస్తే? మా ఫ్రెండ్ స్టూడియోలో గోడ నిండా అవే. ఖర్చు కూడా తక్కువ.

ఓరుగల్లు_సౌండ్
అన్నా, గుడ్లట్ట ఫోమ్ కంటే పల్చగ ఉంటది. సౌండ్‌కు చేసేది ఏం లేదు, పైగా అగ్గిపుల్ల తగిలితే గది మొత్తం అంటుకుంటది. మీ ఫ్రెండ్‌కు కూడా చెప్పుర్రి, ఉన్నవి తీసేయమని.

సిరి గారు, ఇంట్ల దూది పరుపులు ఉన్నయా? ఒక పరుపును మనిషి వీపు వెనక నిలబెట్టుర్రి, గోడకు ఆనించకుండా జానెడు ఎడం ఇడిచి. ఆ ఎడం వల్ల కింది శబ్దాలను కూడా కొంచెం పడ్తది. ఇంకో పరుపు పక్కన ఎల్ ఆకారంల. తల మీద ఒక బొంత, దండెం కట్టి వేలాడదీయుర్రి. బొంత రెండు మడతలు ఉంటే ఇంకా మంచిది. పైసలు ఉంటే తర్వాత నాలుగంగుళాల రాక్‌వూల్‌తో చెక్క ఫ్రేములు చేయించుకోవచ్చు, బట్ట చుట్టి. గది నిండా అవసరం లేదు, మనిషి చుట్టూ ఉంటే సాలు.

ఇంగ ఆ టేబుల్ తీసేయుర్రి. అది అసలు దొంగ.

సిరి_సినిమా
టేబుల్ ఏం చేసింది?

ఓరుగల్లు_సౌండ్
నోటికి మైక్‌కు అడుగు దూరం అనుకో, రెండింటికి టేబుల్ అడుగు కింద. నోట్లెకెళ్లి మాట సీదా మైక్‌కు అడుగు ప్రయాణం చేస్తది. టేబుల్‌కు తగిలి ఎగిరి వచ్చేది రెండడుగుల పావు. ఆ అడుగుంపావు తేడా అంటే మిల్లీ సెకను కంటే కొంచెం ఎక్కువ. గంత దగ్గరగ వచ్చేసరికి చెవికి అది ప్రతిధ్వని లెక్క వినపడది, గొంతుల కలిసిపోయి 450 హెర్ట్జ్ దగ్గర ఒక గుంత పడ్తది, దాని మీద ఇంకొన్ని. ఈక్యూతోని పూడుద్దామంటే, ఆర్టిస్ట్ తల రెండంగుళాలు కదిలితే గుంత ఇంకో కాడికి జరుగుతది. అందుకే ఏ ఈక్యూ పెట్టినా ఒక లైన్‌కు కుదిరి ఇంకో లైన్‌కు కుదరదు.

నేల మీద నిలబడే స్టాండుకు మైక్ పెట్టుర్రి. స్క్రిప్ట్ పట్టుకునే స్టాండు కూడా ఇనప రేకుది అయితే మీద తువ్వాల ఏసి, కొంచెం పక్కకు వంచుర్రి. ఒకటే లైన్ టేబుల్ ఉంచి ఒకసారి, తీసి ఒకసారి రికార్డ్ చేసి వినుర్రి. వేరే ఏమీ మార్చొద్దు.

వాయిస్_వసంత
నేను ఆర్టిస్ట్‌ని, ఇరవై ఏళ్లకి పైగా చెప్తున్నాను. మీ మొదటి బాధ గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకని.

అందరి డైలాగూ ఒకేలా లేటవుతోందంటే, మీ ఆర్టిస్టులు పైలట్ వింటూ దాని వెనకే చెప్తున్నారేమో చూడమ్మా. చెవిలో మాట విని అదే మాట నోటితో అనాలంటే ఎంత చురుకైనవాళ్లైనా వెనకబడతారు. మేమేం చేస్తామంటే, పైలట్ ఒకటికి రెండుసార్లు విని ఎక్కడ ఊపిరి తీశారో, ఎక్కడ ఆగారో పట్టుకుంటాం. టేక్‌లో పైలట్ వద్దంటాం. మూడు బీపులు, సెకనుకొకటి. నాలుగోది వినపడదు, అది పడాల్సిన చోట మన మొదటి అక్షరం పడుతుంది. మొదటి అక్షరం సరిగ్గా పడితే లయ గుర్తున్నవాళ్లకి మిగతా లైన్ దానంతట అదే నడుస్తుంది.

మైక్_మామయ్య
వసంత గారి మాట అనుభవం ఉన్నవాళ్లకి నూరుపాళ్లు నిజం. కొత్తవాళ్లకి మాత్రం పైలట్ పూర్తిగా తీసేస్తే చేతులెత్తేస్తారు. ఒక చెవిలో సన్నగా ఉంచండి. అది ఇంకో చెవి హెడ్‌ఫోన్ నుంచి బయటికి వచ్చి మైక్‌లో పడకుండా మాత్రం చూసుకోండి, మీ పైలట్‌లో బోరు మోటారు ఉందన్నారు.

వాయిస్_వసంత
ఒక చెవిలో ఉంచితే నటన అనుకరణ అయిపోతుంది, ఎవరికైనా సరే. సెట్ మీద తప్పు పలికింది కూడా అలాగే పలుకుతారు. కొత్తవాళ్లకి ఇంకో రెండుసార్లు వినిపించండి, అంతేగానీ టేక్‌లో వద్దు.

మైక్_మామయ్య
దీనిమీద మనిద్దరికీ కుదరదు లెండి, డబ్బింగ్ థియేటర్‌లో కూడా ఎవరితోనూ కుదర్లేదు నాకు.

కానీ సిరి గారి కేసులో ఇంకో అనుమానం. మనుషుల ఆలస్యం మనిషికో రకంగా ఉంటుంది. అందరికీ ఒకేలా మూడు ఫ్రేములంటే యంత్రం వాసన వస్తోంది. ఆ టీవీ మీద అనుమానం నాకు. టీవీలు బొమ్మని నున్నగా చేయడానికి కొన్ని ఫ్రేములు పట్టుకుని తర్వాత చూపిస్తాయి. బొమ్మ లేటుగా చూసినవాళ్లు లేటుగానే చెప్తారు. హెడ్‌ఫోన్ వైరుదేనా, బ్లూటూత్‌దా?

సిరి_సినిమా
హెడ్‌ఫోన్ వైరుదే. టీవీ హెచ్‌డీఎంఐ.

మైక్_మామయ్య
అయితే ల్యాప్‌టాప్ తెర మీదా, టీవీ మీదా ఒకే బొమ్మ వచ్చేలా పెట్టి, రెండూ ఒకే ఫ్రేమ్‌లో కనపడేలా ఫోన్‌తో స్లోమోషన్ తీయండి, 240 ఫ్రేములది. వీడియోలో నల్లటి తెర మీద ఒక్క తెల్ల ఫ్రేమ్ పెట్టుకోండి. ల్యాప్‌టాప్‌లో తెలుపు వచ్చాక టీవీలో రావడానికి ఎన్ని ఫ్రేములు పట్టిందో లెక్కపెట్టండి. ఒక్కోటి నాలుగు మిల్లీ సెకన్లు.

సిరి_సినిమా
ముప్పై ఫ్రేములు వచ్చింది. అంటే 120, 125 మిల్లీ సెకన్లు. సరిగ్గా నా మూడు ఫ్రేములే! టీవీలో గేమ్ మోడ్ అని ఒకటి ఉంటే పెట్టి మళ్లీ తీశాను, ఆరు ఫ్రేములకి దిగింది.

మైక్_మామయ్య
ఇక దాన్ని వదిలేయండి, మిగిలిన పాతిక మిల్లీ సెకన్లు ఒక్క ఫ్రేమ్‌లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆడియో ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి ఒక కేబుల్ వేసి, ఒక క్లిక్కుని ఆడిస్తూ రికార్డ్ చేసి, రెండూ ఒకచోటే పడుతున్నాయో చూసుకోండి. పడకపోతే ఆ తేడాని ప్రిఫరెన్సెస్‌లో రికార్డింగ్ ఆఫ్‌సెట్‌గా ఇవ్వచ్చు.

కట్‌టూకట్
ఇంతకీ ఎన్ని ఫ్రేముల తేడా వరకు జనం పట్టుకోరు? మా దగ్గర ఒక్క ఫ్రేమ్ తేడా ఉన్నా డైరెక్టర్ ఊరుకోడు.

మైక్_మామయ్య
ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వాళ్లు ఇచ్చిన బీటీ.1359 అనే సిఫార్సు ఉంది. దాని ప్రకారం మాట బొమ్మ కంటే ముందు వస్తే 45 మిల్లీ సెకన్ల దగ్గరే తెలిసిపోతుంది, వెనక వస్తే 125 దాకా తెలియదు. దూరంలో ఉన్న మనిషి మాట ఎప్పుడూ బొమ్మ కంటే వెనకే వస్తుంది కదా, కంటికి, చెవికి అది అలవాటే. మాట నోటికంటే ముందు రావడం లోకంలో ఎక్కడా జరగదు. అందుకే ఎటూ తేలకపోతే లైన్‌ని అర ఫ్రేమ్ వెనకే ఉంచండి, ముందుకి మాత్రం తోయకండి.

కానీ అది మొత్తం ట్రాక్ సంగతి. ఒకే లైన్‌లో ఒక అక్షరం కుదిరి ఇంకోటి కుదరకపోతే ఇంతకన్నా చిన్న తేడా కూడా కొడుతుంది.

సిరి_సినిమా
నాకు అదే వస్తోంది! ఒక లైన్ ఉంది: "అప్పుడే చెప్పాను కదమ్మా, బాబాయి రాడని." క్లోజప్. సెట్ మీద గబగబా అనేసింది, డబ్బింగ్‌లో కొంచెం నిదానంగా చెప్పింది. నటన ఈ టేక్‌లోనే బాగుంది, మార్చబుద్ధి కావట్లేదు. మొదలు కుదిరిస్తే చివర పోతోంది. మొత్తాన్ని కుదిస్తే గొంతు రేకులా ఉంది.

మైక్_మామయ్య
మంచి లైన్ ఇచ్చారు, పెదాలు మూసుకునే చోట్లు బోలెడున్నాయి. మొత్తాన్ని కుదించొద్దు. ఇలా చేయండి.

ఆడియో మ్యూట్ చేసి, బొమ్మని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా నడిపి, పెదాలు తెరుచుకునే ఫ్రేములకి మార్కర్లు పెట్టండి. "అప్పుడే"లో ఒకటి, "చెప్పాను"లో ఒకటి, "కదమ్మా"లో ఒకటి, "బాబాయి"లో రెండు. ఐదు మార్కర్లు. ఇప్పుడు వేవ్‌ఫామ్ చూడండి. "ప్ప" దగ్గర కొంతసేపు ఏమీ ఉండదు, తర్వాత సూదిలా ఒక మొన లేస్తుంది. పెదాలు మూసుకున్నంతసేపు ఆ ఖాళీ, తెరుచుకోగానే ఆ మొన. ఆ మొనని మార్కర్ మీద పెట్టాలి. చాలామంది మాట మొదలయ్యే చోటుని కలుపుతారు, అక్కడే పొరపాటు. "అ" ఎప్పుడు మొదలైందో నోరు చూసి ఎవరూ చెప్పలేరు, "ప్ప" ఎప్పుడు తెరుచుకుందో మాత్రం ఎవరైనా చెప్పగలరు.

ఆ ఖాళీలోనే మీకు వరం ఉంది. "ప్ప"కి ముందున్న నిశ్శబ్దంలో కత్తిరించి కొంచెం తీసేసినా, కొంచెం పెంచినా గొంతుకి ఏమీ కాదు, ఎందుకంటే అక్కడ గొంతే లేదు. రెండు "ప్ప"ల దగ్గరా చెరో ఫ్రేమ్ తీస్తే మీ నిదానంలో చాలావరకు పోతుంది. ఒత్తు మరీ తగ్గి "అపుడే" అయిపోకుండా వింటూ తీయండి. కత్తిరించిన చోట ఐదారు మిల్లీ సెకన్ల ఫేడ్ ఇవ్వండి, లేకపోతే టిక్కుమంటుంది.

"మ్మ" అలా కాదు, అక్కడ ముక్కుతో శబ్దం నడుస్తూనే ఉంటుంది, కోస్తే తెలుస్తుంది. అక్కడ మాత్రం రీపర్‌లో స్ట్రెచ్ మార్కర్లు పెట్టి ఆ ఒక్క "మ్మ"ని కుదించండి. ఒకే స్వరంలో సాగే శబ్దం కాబట్టి పది శాతం దాకా ఓర్చుకుంటుంది. తర్వాత కామా ఉంది, అక్కడ ఊపిరి ఎలాగూ ఉంటుంది, "బాబాయి రాడని"ని విడదీసి జరపండి. మొదటి "బా" తెరుచుకునే ఫ్రేమ్‌కి కలిపితే రెండోది దానంతట అదే పడాలి.

వాయిస్_వసంత
ఊపిరిని తీసేయమని మామయ్య గారు అనకముందే చెప్తున్నా, తీసేయకండి. క్లోజప్‌లో ఛాతీ లేవడం కనపడి ఊపిరి వినపడకపోతే బొమ్మ చచ్చినట్టుంటుంది.

మైక్_మామయ్య
అస్సలు తీయకూడదు. ఊపిరిని కూడా ఛాతీ లేచే ఫ్రేమ్‌కి జరపాలి.

ప్లేనో_పంతులు
వోకలైన్ లాంటి ప్లగిన్ ఉంది కదా, పైలట్‌ని చూపిస్తే డబ్బింగ్‌ని దానికి కుదించేస్తుంది. అది కొంటే ఇదంతా తప్పుతుంది కదా?

మైక్_మామయ్య
పైలట్ శుభ్రంగా ఉంటే అద్భుతంగా చేస్తుంది. సిరి గారి పైలట్‌లో బోరు మోటారు. అది మాట ఎక్కడ మొదలైందో మోటారులో వెతుక్కోలేక అక్షరాల్ని ఎటుపడితే అటు లాగుతుంది. పైగా అది పైలట్‌తో కలుపుతుంది, పెదాలతో కాదు. పైలట్టే రెండు ఫ్రేములు తప్పుగా ఉంటే డబ్బింగూ అంతే.

సిరి_సినిమా
చేసినవి చెప్తాను. 1.001 పెట్టి పంపిన ట్రాక్ ఎడిటర్ దగ్గర చివరి సీన్ దాకా కుదిరింది, రెండో బీప్ కూడా పెట్టాం, కలిసింది. "అప్పుడే చెప్పాను" లైన్ "ప్ప"ల దగ్గర కోసి చేశాను, "మ్మ"ని ముట్టుకోవాల్సిన పనే రాలేదు.

టేబుల్ ఉంచి, తీసి రెండూ వినిపిస్తే మా నాన్నగారు కూడా తేడా పట్టుకున్నారు. పరుపులు, బొంత పెట్టాక డబ్బా పోయింది. కానీ ఇప్పుడు ఇంకో సమస్య. కాలువ గట్టు మీద లాంగ్ షాట్ ఉంది, ఇద్దరూ దూరంగా నడుస్తూ మాట్లాడతారు. గొంతులు మాత్రం చెవి పక్కనే ఉన్నట్టున్నాయి. మైక్‌ని ఐదారు అడుగులు దూరం జరపనా?

ఓరుగల్లు_సౌండ్
వద్దు. ఆ గదిల ఐదడుగులు జరిపితే మైక్‌కు గొంతు కంటే గది ఎక్కువ వినపడ్తది. కాలువ గట్టు మీద బెడ్‌రూం వినపడ్తది. ఇప్పుడు ఎంత దూరం ఉన్నది?

సిరి_సినిమా
ఎనిమిది అంగుళాలు.

ఓరుగల్లు_సౌండ్
లాంగ్ షాట్ లైన్లకు అడుగున్నర పెట్టుర్రి, అంతకు మించొద్దు. దగ్గర పెడితే కార్డియాయిడ్‌ల కింది బరువు పెరుగుతది, అడుగున్నరకు అది పోతది. తర్వాత 120, 150 హెర్ట్జ్ కింద కోసేయుర్రి. బయట గట్టు మీద గోడలు లేవు కాబట్టి రివర్బ్ దాదాపు ఏయొద్దు. బయటి సీన్ అనంగనే హాల్ రివర్బ్ ఏసేటోళ్లు మస్తుమంది ఉన్నరు, గట్టు కాస్త గుడి అయిపోతది.

వాయిస్_వసంత
సగం పని ఆర్టిస్టుదే. దూరంగా నడుస్తున్నవాళ్లు పక్కవాళ్లతో మాట్లాడేటప్పుడు గొంతు కొంచెం ఎత్తుతారు, గాలి ఉంటుంది కదా. అడుగులో అడుగు వేస్తూ మాట్లాడతారు. గదిలో కదలకుండా నిలబడి చెప్తే ఆ కుదుపు రాదు. చెప్పులు విప్పి, నిలబడ్డ చోటే కాళ్లు మార్చుకుంటూ చెప్పమనండి. మొహం మైక్ ఎదురుగానే ఉండాలి.

మైక్_మామయ్య
ఆ షాట్ తీసిన చోట రికార్డ్ చేసిన నిశ్శబ్దం ఏమైనా ఉందా? కాలువ, గాలి, ఎవరూ మాట్లాడని అర నిమిషం? అది అడుగున పరిస్తే గొంతులు అందులోకి దిగుతాయి. డబ్బింగ్ గొంతుల మధ్య మాట లేని చోట పూర్తి నిశ్శబ్దం ఉంటేనే అతికించినట్టు వినపడుతుంది.

సిరి_సినిమా
తీయలేదు. బోరు మోటారు లేని టైమ్ చూసుకుని రేపు పొద్దున్నే వెళ్లి తీసుకొస్తాను. ఇంకొకటి, ఫ్యాన్ ఆపి చెప్తుంటే పరుపుల మధ్య ఆర్టిస్టులు పది నిమిషాలకే తడిసి ముద్దవుతున్నారు. ఏసీ పక్క గదిలో ఉంది.

ఓరుగల్లు_సౌండ్
ఏసీ గది తలుపు తెరిచి ఇటు గాలి వచ్చేటట్టు చేయుర్రి, టేక్ అప్పుడు మూసుడు. మనిషి చెమటకు తువ్వాల ఇస్తే సరిపోదు, కండెన్సర్ మైక్‌ల తేమ చేరితే చిటపట అంటది. రాత్రి మైక్‌ను స్టాండు మీద ఇడిచిపెట్టకుండా సిలికా జెల్ సంచులున్న డబ్బల పెట్టుర్రి.

అట్టపెట్టె
ఇంత చిన్న గదికి కండెన్సర్ ఎందుకు, డైనమిక్ మైక్ పెట్టుకుంటే గది అసలు వినపడదు కదా?

ఓరుగల్లు_సౌండ్
అందరు అనే మాట. డైనమిక్‌కు గది వినపడక కాదు, దాన్ని నోటికి రెండంగుళాల కాడ పెట్టుకుంటరు కాబట్టి గది తక్కువ పడ్తది. కండెన్సర్‌ను కూడా అంత దగ్గర పెడితే అంతే. రెండు మైకులను ఒకే దూరంల పెట్టి, లెవెల్ సమానం చేసి వినుర్రి.

మైక్_మామయ్య
ఇక్కడ నేను అట్టపెట్టె గారి వైపు సగం ఉన్నాను. డైనమిక్‌లో పై ఫ్రీక్వెన్సీలు ముందే తక్కువ కాబట్టి చిన్న గది మెరుపు తక్కువ తెలుస్తుంది. కాకపోతే గుసగుస లైన్లకి గెయిన్ పెంచాల్సి వచ్చి ప్రీయాంప్ హిస్సు తెలుస్తుంది. అరుపులున్న సీన్లకి డైనమిక్, మిగతాదానికి కండెన్సర్ పెట్టిన రోజులున్నాయి నాకు.

ఓరుగల్లు_సౌండ్
ఒకే పాత్రకు రెండు మైకులా? సీన్ మారంగనే గొంతు మారుతది మామయ్యా. నేనైతే ఒప్పుకోను.

కట్‌టూకట్
ఇద్దరూ ఒకే లైన్ రెండు మైకుల్లో రికార్డ్ చేసి ఇక్కడ పెట్టండి, ఏది ఏదో చెప్పకుండా. వింటాం.